పది శాతమే కదా అనుకుంటే...

ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం వైపు నడిచి వెళ్తుంటే గేట్లకు వేలాడే టులెట్ బోర్డులు చాలానే కనిపిస్తాయి. డబుల్ బెడ్‌రూమ్, మంజీరా నీళ్లు, లిఫ్టు, మెట్రోకి పది నిమిషాలు... ఇలా వివరాలన్నీ ఉంటాయి. ఫోన్ చేస్తే అవతలి నుంచి చెప్పేది మాత్రం ఒక్క అంకె. ‘అన్నీ కలిపి 17 వేలు’. ఆ అంకె నచ్చితే అడ్వాన్సు చేతిలో పెట్టేస్తారు. ‘ఏటా పది శాతం పెంపు’ అన్న మాట అగ్రిమెంటు మీద సంతకం పెట్టేటప్పుడు వినిపిస్తుంది. పది శాతమే కదా అని తలూపేస్తారు.

నిజానికి ఒక ఇంట్లో మూడేళ్లు ఉంటే ఎంత కడతామన్నది మొదటి నెల అంకె ఒక్కటే తేల్చదు. నాలుగు విషయాలు కలిసి తేలుస్తాయి. అసలు అద్దె ఎంత? మెయింటెనెన్స్ ఎంత? పెంపు శాతం దేని మీద? ఆ పెంపు ఏ నెల నుంచి? ఇందులో చివరి రెండింటినీ అడిగేవాళ్లు తక్కువ. తేడా వేలల్లో వచ్చేది అక్కడే!

రెండు ఇళ్లు... ఒక జంట

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆయనకు నాచారం పారిశ్రామికవాడలో ఉద్యోగం. ఆవిడ ఉప్పల్‌లోని ఓ స్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరికీ అందుబాటులో ఉండేలా రెండు ఫ్లాట్లు చూసి పెట్టుకున్నారు. అంకెలు లెక్క కోసం తీసుకున్నవే. మీ ఇంటి అంకెలు పెట్టుకున్నా పద్ధతి మారదు.

మొదటిది నాచారం హెచ్‌ఎంటీ నగర్ వైపు. అద్దె 15,000 రూపాయలు, మెయింటెనెన్స్ 2,000. ఏటా అద్దె 10 శాతం పెరుగుతుంది. మెయింటెనెన్స్ మూడేళ్లూ మారదు.

రెండోది ఉప్పల్ మెట్రో స్టేషన్‌కు దగ్గర. నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ వెళ్లే మెట్రో 2017 నవంబరులో మొదలైంది. ఉద్యోగానికి నగరం అవతలికి వెళ్లాల్సినవాళ్లకు స్టేషన్ పక్కన ఇల్లు ఉండటం పెద్ద సౌకర్యం. ఈ ఫ్లాటు అద్దె 16,000, మెయింటెనెన్స్ 1,500. పెంపు ఏటా 5 శాతం. ఇక్కడా మెయింటెనెన్స్ స్థిరమే.

మొదటి నెలలో నాచారం ఇంటికి 17,000, ఉప్పల్ ఇంటికి 17,500. నెలకు 500 ఆదా అంటే ఏడాదికి 6,000. ‘ఇంకేం, నాచారం ఖాయం చేసేద్దాం’ అన్నారాయన. ఆవిడ మాత్రం ‘ఒక్క పూట ఆగండి’ అని కాగితం, పెన్ను తీసుకున్నారు.

ముందు నాచారం లెక్క

మొదటి ఏడాది అద్దె నెలకు 15,000. పన్నెండు నెలలకు 1,80,000. మెయింటెనెన్స్ నెలకు 2,000 చొప్పున 24,000. మొత్తం 2,04,000.

రెండో ఏడాది అద్దెకు పది శాతం కలిపితే 16,500. పన్నెండు నెలలకు 1,98,000. మెయింటెనెన్స్ అదే 24,000. మొత్తం 2,22,000.

మూడో ఏడాది 16,500 మీద మళ్లీ పది శాతం. అంటే 1,650 కలిసి 18,150 అవుతుంది. పన్నెండు నెలలకు 2,17,800. మెయింటెనెన్స్‌తో కలిపి 2,41,800.

మూడేళ్లకూ కలిపి 6,67,800 రూపాయలు. ‘అన్నీ కలిపి 17 వేలు’ అన్నమాట పట్టుకుని 36 నెలలకు లెక్కేస్తే 6,12,000 వస్తుంది. అంటే పెంపు వల్ల అదనంగా పడేది 55,800. ఇంచుమించు మూడు నెలలకు పైగా సొమ్ము!

ఇంత పొడుగు లెక్క ఎందుకనుకుంటే దీనికో దగ్గరి దారి ఉంది. మొదటి ఏడాది అద్దెను ఒకటి అనుకోండి. పది శాతం పెంపుతో రెండో ఏడాదిది 1.10, మూడో ఏడాదిది 1.21. మూడూ కలిపితే 3.31. మొదటి ఏడాది మొత్తం అద్దెను 3.31తో గుణిస్తే మూడేళ్ల అద్దె వచ్చేస్తుంది. 1,80,000ను 3.31తో గుణించి చూడండి, సరిగ్గా 5,95,800. దానికి 36 నెలల మెయింటెనెన్స్ 72,000 కలిపితే 6,67,800. అదే పెంపు 5 శాతమైతే గుణించాల్సింది 3.1525తో. 8 శాతమైతే 3.2464తో. మెయింటెనెన్స్‌ను మాత్రం ఈ గుణకారంలోకి తేకూడదు. అది స్థిరం కాబట్టి విడిగా 36తో గుణించి చివర్లో కలపాలి.

ఇప్పుడు ఉప్పల్

ఉప్పల్ ఇంటి మొదటి ఏడాది అద్దె 1,92,000. దీన్ని 3.1525తో గుణిస్తే 6,05,280. నెలకు 1,500 చొప్పున మెయింటెనెన్స్ 54,000. మొత్తం 6,59,280.

మొదటి నెలలో 500 ఎక్కువనిపించిన ఉప్పల్ ఇల్లు మూడేళ్లకు నాచారం ఇంటికన్నా 8,520 రూపాయలు తక్కువ! ఎక్కడ తిరగబడిందో ఏడాదివారీగా చూస్తే తెలుస్తుంది. మొదటి ఏడాది నాచారంలో 6,000 ఆదా. రెండో ఏడాదికి వచ్చేసరికి నాచారం ఇంటికి నెలకు 18,500, ఉప్పల్ ఇంటికి 18,300. అప్పటికే నాచారం 200 ఎక్కువైంది. మూడో ఏడాది నాచారం 20,150, ఉప్పల్ 19,140. తేడా నెలకు 1,010.

అంటే మొదటి ఏడాది మిగిలిన 6,000లో రెండో ఏడాది 2,400 కరిగిపోయి 3,600 మిగులుతుంది. మూడో ఏడాది మొదటి మూడు నెలల్లో ఇంకో 3,030 పోతుంది. నాలుగో నెల అద్దె కట్టేటప్పటికి, అంటే 28వ నెలలో ఆదా కాస్తా నష్టంగా మారుతుంది.

కాబట్టి ఏ ఇల్లు చవక అన్న ప్రశ్నకు ముందు, ఎన్నాళ్లు ఉంటారన్న ప్రశ్న ఉంది. రెండేళ్లలో బదిలీ అయ్యే ఉద్యోగమైతే నాచారం ఇల్లే చవక. పిల్లల్ని అక్కడే బడిలో వేసి మూడేళ్లూ ఉండాలనుకుంటే ఉప్పల్ ఇల్లు నయం. ఒకే అగ్రిమెంటు ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం కావచ్చు.

శాతం దేని మీద?

నాచారం ఇంటి యజమాని ఇచ్చిన డ్రాఫ్టులో ఒక వాక్యం ఉంది. ‘నెలకు మెయింటెనెన్స్‌తో సహా రూ.17,000. ప్రతి ఏడాదీ 10 శాతం పెంచబడును’. చదవడానికి ఏ తప్పూ లేదు. కానీ పెంపు అద్దె మీదా, మొత్తం 17,000 మీదా? రాసినదాన్ని బట్టి చూస్తే మొత్తం మీదే. అప్పుడు రెండో ఏడాది నెలకు 18,700, మూడో ఏడాది 20,570. మూడేళ్ల మొత్తం 6,75,240. స్థిరంగా ఉండాల్సిన మెయింటెనెన్స్ కూడా పది శాతం చొప్పున పెరిగిపోయింది. ఈ ఒక్క వాక్యం ఖరీదు 7,440 రూపాయలు.

మెయింటెనెన్స్ నిజంగా స్థిరంగా ఉంటే కిరాయిదారుకు మంచి మేలే. నాచారం ఇంట్లో రెండో ఏడాది పెరిగేది 1,500. మొత్తం 17,000 మీద చూస్తే అది 8.8 శాతమే. పది శాతం అన్నమాట వినిపించినా జేబు మీద పడేది అంతకన్నా తక్కువ. అద్దె తక్కువగా, మెయింటెనెన్స్ ఎక్కువగా విడదీసిన కొద్దీ ఇది ఇంకా తగ్గుతుంది. అదే 17,000ను అద్దె 14,000, స్థిర మెయింటెనెన్స్ 3,000గా విడదీస్తే మూడేళ్లకు 6,64,080. అంటే 3,720 తక్కువ.

అయితే ‘స్థిరం’ అంటే ఎవరికి స్థిరం? ఈ మాట ఇద్దరూ వేరువేరుగా అర్థం చేసుకుంటే తగువు ఖాయం. మెయింటెనెన్స్ సొమ్ము వెళ్లేది అపార్ట్‌మెంట్ సంఘానికి. వాచ్‌మన్ జీతం, లిఫ్టు, మెట్ల దీపాల కరెంటు బిల్లు, బోరు మోటారు, వేసవిలో నీళ్ల ట్యాంకర్లు అన్నీ అందులోంచే నడవాలి. వాచ్‌మన్ జీతం పెంచినా, ట్యాంకర్లు ఎక్కువైనా సంఘం సమావేశం పెట్టి రేటు పెంచుతుంది. రెండో ఏడాది మొదట్లో 2,000 కాస్తా 2,500 అయిందనుకోండి. మిగిలిన 24 నెలలకు తేడా 12,000. ఇది ఎవరు కట్టాలి? ‘స్థిరం’ అని రాసి ఊరుకుంటే కిరాయిదారు ‘నాకు సంబంధం లేదు’ అంటారు. ‘సంఘం పెంచింది, నేనేం చేయను?’ అంటారు ఓనరు. అందుకే మెయింటెనెన్స్ మూడేళ్లూ 2,000 అనీ, సంఘం పెంచితే ఆ తేడా యజమానే భరించాలనీ స్పష్టంగా రాసుకోవాలి. లేదా సంఘం వేసినంత కిరాయిదారే నేరుగా కడతారని రాసుకోవాలి. రెండోది ఒప్పుకుంటే ఆ ఇంటి మెయింటెనెన్స్ స్థిరం కానట్టే. మూడేళ్ల లెక్కలో కొంత పక్కన పెట్టుకోవాల్సిందే.

ఇంకో సంగతి. లిఫ్టు మార్చడం, భవనం అంతటికీ రంగులు వేయించడం లాంటి పెద్ద ఖర్చులకు సంఘాలు ఫ్లాటుకింతని విడిగా వసూలు చేస్తుంటాయి. ఇది నెలవారీ మెయింటెనెన్స్ కాదు. ఆస్తికి పెట్టే ఖర్చు కాబట్టి ఇంటివాళ్లు భరించడమే న్యాయం. అదీ ఒక వాక్యంగా రాసుకుంటే మంచిది.

పదకొండు నెలల మెలిక

ఎక్కువ మందికి తెలియని అసలు మెలిక ఇక్కడుంది. ‘మూడేళ్లు ఉండండి, ఏం ఫర్వాలేదు. అగ్రిమెంటు మాత్రం 11 నెలలకు రాసుకుందాం, ప్రతిసారీ పది శాతం వేసి రెన్యువల్ చేద్దాం’ అంటారు యజమానులు. చాలా ఇళ్లలో జరిగేదీ ఇదే.

పెంపు 11 నెలలకోసారి అయితే లెక్క ఎలా మారుతుంది? మొదటి 11 నెలలు 15,000. తర్వాత 11 నెలలు 16,500. ఆపైన 11 నెలలు 18,150. ఇప్పటికి 33 నెలలే గడిచాయి. మూడేళ్లకు ఇంకా మూడు నెలలుంది. ఆ మూడు నెలలకూ నాలుగో విడత పెంపు పడుతుంది. అంటే నెలకు 19,965!

మూడేళ్ల అద్దె 6,06,045 అయింది. ఏడాదికోసారి పెంచితే అయ్యేది 5,95,800. తేడా 10,245 రూపాయలు. అద్దె అదే, శాతం అదే, ఇల్లు అదే. మారిందల్లా పన్నెండు బదులు పదకొండు. దీనికితోడు రెన్యువల్ చేసినప్పుడల్లా బాండు పేపరు, టైపింగు ఖర్చులు. మధ్యలో బ్రోకరు ఉంటే ఆయనకిచ్చేది వేరు.

దీనికి విరుగుడు తేలికే. అగ్రిమెంటు 11 నెలలకే రాసుకున్నా, ‘అద్దె పెంపు 12 నెలలు నిండిన తర్వాతే’ అని మొదటి కాగితంలోనే రాయించుకోవచ్చు. అడిగితే చాలామంది ఓనర్లు కాదనరు. ఎందుకంటే వాళ్ల మనసులో ఉన్నదీ ‘ఏడాదికోసారి’ అన్నమాటే. 11 నెలలన్నది అలవాటుగా వచ్చిన అంకె.

ఆ అంకె ఎందుకొచ్చింది?

రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆస్తి బదిలీ చట్టంలోని 107వ సెక్షనూ అదే చెబుతుంది. ఏడాదిలోపు లీజుకు ఆ బాధ లేదని చాలామంది అనుకుంటారు. అందుకే 11 నెలలు. కానీ ఇక్కడ అమల్లో ఉన్న రాష్ట్ర సవరణ ప్రకారం ఏడాదిలోపు లీజుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరే.

మరి మూడేళ్ల లీజును వంద రూపాయల బాండు పేపరు మీద రాసుకుని, నోటరీతో ముద్ర వేయించుకుంటే? చూడటానికి గట్టి కాగితంలాగే ఉంటుంది. కానీ రిజిస్టరు కాని అలాంటి పత్రంలోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ఇంట్లో ఉంటున్నారు, నెలనెలా అద్దె కడుతున్నారు కాబట్టి నెలవారీ కిరాయిదారుగా మాత్రమే గుర్తిస్తుంది. ఆంథోనీ వర్సెస్ కె.సి.ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో 2000లో సుప్రీంకోర్టు తేల్చిందీ ఇదే. నెలవారీ కిరాయిదారును ఖాళీ చేయమనడానికి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు చాలు.

దీని అర్థం ఏంటంటే... ‘మూడేళ్ల వరకూ ఏటా 5 శాతమే పెంచుతాను’ అన్న హామీ రిజిస్టరు కాని కాగితం మీద ఉంటే దానికి బలం తక్కువ. ఉప్పల్ ఇంటి లాభమంతా మూడో ఏడాదిలోనే ఉందని ఇందాక చూశాం. రెండో ఏడాది చివర్లో ‘పది శాతం పెంచండి, లేదంటే ఖాళీ చేయండి’ అంటే ఆ 8,520 గాల్లో కలిసినట్టే. ‘మూడేళ్లూ ఉండాల్సిందే’ అని రాయించుకున్న యజమానికీ ఇదే వర్తిస్తుంది. కిరాయిదారు మధ్యలో వెళ్లిపోతే ఆ కాగితం చూపించి మిగతా నెలల అద్దె అడగడం కష్టం.

నిజంగా మూడేళ్ల మాట ఇద్దరికీ ముఖ్యమైతే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లి లీజు రిజిస్టరు చేయించుకోవడమే దారి. అక్కడ స్టాంపు డ్యూటీకి ఆధారం లీజు కాలంలో చెల్లించే అద్దె. కాబట్టి మూడేళ్ల లెక్క అక్కడా కావాల్సిందే. రేట్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు కనుక్కోవాలి. ఆ ఖర్చు ఎవరిదో, చెరిసగమో ముందే మాట్లాడుకోవాలి. వచ్చే లాభం కన్నా ఖర్చు ఎక్కువైతే 11 నెలల అగ్రిమెంటుతో సర్దుకోవచ్చు. కాకపోతే అది మహా అయితే 11 నెలల భరోసా మాత్రమేనని, రిజిస్టరు చేయించకపోతే దానికీ బలం తక్కువేనని గుర్తుంచుకోవాలి.

‘పది శాతానికి మించి పెంచకూడదని చట్టం లేదా?’ అని అడుగుతుంటారు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఒకటుంది. కానీ 2005లో చేసిన సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లను దాన్నుంచి మినహాయించారు. 15,000 అద్దె ఇంటికి అది అక్కరకు రాదు. కాగితం మీద ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న శాతమే చట్టం.

ఓనరు వైపు నుంచి...

లెక్కలన్నీ అయ్యాక ఆ టీచరమ్మ నాచారం యజమాని దగ్గరికే వెళ్లారు. ఆవిడ భర్తకు ఫ్యాక్టరీ పక్కనే ఇల్లు. రోజూ బస్సు ఖర్చు తప్పుతుంది. కాబట్టి శాతం దగ్గర బేరమాడి చూద్దామనుకున్నారు.

‘పది శాతం అందరూ పెంచేదే కదమ్మా’ అన్నాడు పెద్దాయన.

‘అవునంకుల్. కానీ ఎనిమిదైతే మేం మూడేళ్లూ ఉంటాం. మీకు ఏడాదికోసారి టులెట్ బోర్డు పెట్టే పని తప్పుతుంది’ అందావిడ.

ఆమె మాటలో లెక్క ఉంది. 8 శాతమైతే అద్దె రెండో ఏడాది 16,200, మూడో ఏడాది 17,496. చిల్లర లేకుండా 17,500 అనుకుంటే మూడేళ్ల అద్దె 5,84,400. పది శాతంతో పోలిస్తే యజమానికి తగ్గేది 11,400. మరి ఈ కుటుంబం ఏడాదికే వెళ్లిపోయి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే? పోయే అద్దె 16,500. ఆ నెల సంఘానికి తన జేబులోంచి కట్టాల్సింది 2,000. రంగులు, బ్రోకరు ఖర్చు పైన. మూడేళ్లలో ఒక్క నెల ఖాళీ తప్పినా రెండు శాతం తగ్గించినందుకు ఆయనకు నష్టం లేదు.

కిరాయిదారుల వైపు చూస్తే మూడేళ్ల మొత్తం 6,56,400. ఉప్పల్ ఇంటికన్నా 2,880 తక్కువ. రెండు శాతం తగ్గేసరికి తక్కెడ మళ్లీ నాచారం వైపు మొగ్గింది. పెద్దాయన కాసేపు ఆలోచించి ‘సరే కానీ మధ్యలో వెళ్లిపోతే?’ అన్నాడు. అదీ న్యాయమైన ప్రశ్నే. రెండేళ్లలోపు ఖాళీ చేస్తే ఒక నెల అద్దె వదులుకుంటామని రాయడానికి ఒప్పుకున్నారు. ఇద్దరికీ కట్టుబాటు ఉండాలంటే రిజిస్టరు చేయించాలని కూడా అనుకున్నారు. ఖర్చు చెరిసగం.

కాగితం మీద ఎలా రాయాలి?

శాతాలు రాస్తే తగువులు వస్తాయి. రూపాయలు రాస్తే రావు. ‘ఏటా 8 శాతం’ అని రాసి వదిలేస్తే మూడో ఏడాది శాతాన్ని 15,000 మీద వేయాలా, 16,200 మీద వేయాలా అన్న అనుమానం మిగిలే ఉంటుంది. పది శాతం పెంపులో మొదటి అద్దె మీదే వేస్తే మూడో ఏడాది 18,000, పెరిగిన అద్దె మీద వేస్తే 18,150. ఏడాదికి 1,800 తేడా. పైగా కొన్ని శాతాలకు అర్ధరూపాయలు కూడా వస్తాయి. 15,000 మీద 5 శాతం చొప్పున పెంచుకుంటూ పోతే మూడో ఏడాది అద్దె 16,537 రూపాయల 50 పైసలు! నెలనెలా ఆ యాభై పైసలు ఎవరు లెక్కపెడతారు?

అందుకే అగ్రిమెంటులో ఇలా రాసుకుంటే సరిపోతుంది:

‘ఒకటో నెల నుంచి 12వ నెల వరకు నెల అద్దె రూ.15,000. 13వ నెల నుంచి 24వ నెల వరకు రూ.16,200. 25వ నెల నుంచి 36వ నెల వరకు రూ.17,500. మెయింటెనెన్స్ 36 నెలలూ నెలకు రూ.2,000. దీనికి పెంపు వర్తించదు. సంఘం దీనికి మించి పెంచితే ఆ తేడాను యజమాని చెల్లించాలి.’

ఇందులో శాతం అన్న మాటే లేదు. దేని మీద పెంపు, ఎప్పటి నుంచి పెంపు అన్న ప్రశ్నలూ లేవు. పదో తరగతి చదివే పిల్లాడు చదివినా ఏ నెల ఎంత కట్టాలో చెప్పేస్తాడు. నెలలకు బదులు తేదీలు వేసుకుంటే ఇంకా మంచిది.

ఇప్పటికే అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు బీరువాలోని అగ్రిమెంటు ఒకసారి తీసి చూడండి. పెంపు వాక్యం పక్కన పెన్సిల్‌తో వచ్చే ఏడాది అద్దెను రూపాయల్లో రాయండి. మీ ఓనరునూ విడిగా అదే లెక్క వేయమనండి. ఇద్దరి అంకె ఒకటే అయితే ఫర్వాలేదు. వేరువేరుగా వస్తే ఆ వాక్యాన్ని మార్చి రాసుకోవడానికి పెంపు నెల రాకముందే కూర్చుని మాట్లాడుకోండి.